కొత్త కోడలి తొలి పొద్దు

గృహప్రవేశం నాడు కలశం దాటి వచ్చిన కోడలికి మర్నాడు పొద్దున్నే వచ్చే సందేహం ఒక్కటే: మళ్లీ అందరి కాళ్లకూ దణ్ణం పెట్టాలా?

చాలా తెలుగు ఇళ్లలో అక్కర్లేదు. పాదనమస్కారం వ్రతానికీ, పండక్కీ, ప్రయాణానికీ చేసేది. సత్యనారాయణ వ్రతం ఆ రోజే ఉంటే పూజయ్యాక, అక్షింతలు వేసేటప్పుడు ఎలాగూ పెట్టాలి. అదే మర్యాద తెల్లవారుజామునే మొదలుపెడితే పెద్దవాళ్లే ఇబ్బంది పడతారు. పైగా పడుకున్నవాళ్ల కాళ్లకు దణ్ణం పెట్టడం అశుభమంటారు. మామగారు మంచం మీదే ఉంటే ఆగాల్సిందే.

మరి ఏం చెయ్యాలి? స్నానం చేసి బొట్టు పెట్టుకుని వంటింట్లోకి వెళ్లి, "లేచారా అత్తయ్యా? కాఫీ నేను కలపనా? మామయ్యగారికి చక్కెర ఎంత?" అంటే చాలు. పలకరింపు, గౌరవం రెండూ అందులోనే ఉన్నాయి. అత్తగారు "నువ్వు కూర్చోమ్మా" అంటే కూర్చోవచ్చు. గిన్నెల కోసం పోటీ పడటం నటనలా కనిపిస్తుంది. మామగారు హాల్లోకి వస్తే లేచి నిలబడి, ఓ చిరునవ్వు నవ్వితే సరిపోతుంది.

మేనరికమైతే కథే వేరు. నిన్నటిదాకా "అత్తా" అని పిలిచిన మేనత్తను ఉన్నట్టుండి "అత్తయ్యగారూ" అంటే ఇల్లంతా నవ్వుతుంది.

ఇంటింటికీ అలవాటు మారుతుంది కాబట్టి, ముందురోజు రాత్రే భర్తను అడిగి తెలుసుకోవడం మేలు. ఆ మాట అతనే ముందు చెబితే ఇంకా మంచిది.