క్యాష్‌బుక్కు, పాస్‌బుక్కు ఎందుకు కలవలేదు?

మార్చి 31న క్యాష్‌బుక్‌లో బ్యాంకు నిల్వ రూ. 48,600. పాస్‌బుక్‌లో రూ. 57,524. రెండింటి ఫోటోలు పక్కపక్కన పెట్టి, రెండు చోట్లా ఉన్న పద్దులకు టిక్కు పెట్టుకుంటూ వెళితే, టిక్కు పడనివే ఈ రూ. 8,924 తేడాకు కారణాలు. ఉదాహరణకు తీసుకున్న లెక్క ఇది.

మార్చి 28న ఫీజుల కోసం ఇచ్చిన రూ. 7,500 చెక్కు ఇంకా బ్యాంకుకు రాలేదు, దాన్ని కలపాలి. బ్యాంకు వేసిన వడ్డీ రూ. 642 కలపాలి, చార్జీలు రూ. 118 తీసేయాలి. నిల్వ రూ. 56,624 అయింది. ఇంకా రూ. 900 తేలలేదు.

మిగిలిన తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడాలి. ఒక చందా పాస్‌బుక్‌లో 5,400, క్యాష్‌బుక్‌లో 4,500! ఫోటో మసకేమో అనుకోవచ్చు. కానీ ఆ పేజీ మొత్తం 4,500తోనే సరిపోతోంది, రసీదు నకలులో 5,400 ఉంది. కాబట్టి తప్పు రాతలోనే.

వడ్డీ, చార్జీలు, ఈ 900 క్యాష్‌బుక్‌లో రాయాలి. వడ్డీని జకాత్‌లో కలపకుండా విడిగా చూపాలి. చెక్కుకు కొత్త పద్దు అక్కర్లేదు. అయితే తేదీ నుంచి మూడు నెలలు దాటితే అది చెల్లదు, అప్పుడు తిరిగి జమ రాసుకోవాలి.