పెన్ను కనెక్ట్ అయింది, గీత మాత్రం లావెక్కదు

కొత్తగా ఐప్యాడ్‌తో బొమ్మలు వేయడం మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే సందేహం ఇదే. బ్లూటూత్ జాబితాలో పెన్ను పేరు పక్కన Connected అని కనిపిస్తోంది. స్క్రీన్ మీద రాస్తే చక్కగా పడుతోంది. పెన్నును వాల్చి గీస్తే పెన్సిల్ షేడింగ్ కూడా వస్తోంది. కానీ ఎంత గట్టిగా నొక్కినా గీత మందం మారడం లేదు. ఏదో తేడా ఉందనుకుని పెన్నును తీసేసి మళ్లీ పెయిర్ చేస్తారు, యాప్ తీసేసి మళ్లీ వేస్తారు. ఏం చేసినా ఫలితం అదే.

అసలు పెన్ను స్క్రీన్‌కు చెప్పే విషయాలు మూడు. మొన ఎక్కడ ఆనింది, ఎంత గట్టిగా ఆనింది, బటన్ నొక్కారా లేదా. ఈ మూడూ ఒకే దారిలో వెళ్లవు. కొన్ని స్క్రీన్ ద్వారా వెళ్తాయి, కొన్ని బ్లూటూత్ మీద వెళ్తాయి. ఏది ఏ దారిలో వెళ్తుందన్నది కంపెనీని బట్టి, మోడల్‌ని బట్టి మారుతుంది. బ్లూటూత్ కలిసినంత మాత్రాన మూడూ పనిచేస్తాయన్న హామీ లేదు.

పదో తరం ఐప్యాడ్‌నే తీసుకుందాం. 2022లో వచ్చిన ఈ మోడల్ మన దగ్గర చాలా ఇళ్లలో చదువుకునే పిల్లల చేతుల్లో ఉంది. దీనికి ఆపిల్ పెన్సిళ్లలో రెండే పనిచేస్తాయి. ఒకటి 2015 నాటి మొదటి తరం పెన్సిల్, రెండోది 2023లో వచ్చిన యూఎస్‌బీ-సీ పెన్సిల్. ఎవరైనా కొత్తదే మెరుగనుకుంటారు. పైగా అది ధరలోనూ తక్కువ, ఐప్యాడ్ కేబుల్‌తోనే చార్జ్ అవుతుంది. అయితే నొక్కుడును గుర్తించే శక్తి ఉన్నది పాతదానికే. కొత్తదానికి ఆ సెన్సరే లేదు. లేని సెన్సర్‌ను ఏ యాప్ తెచ్చిపెట్టగలదు? పైన చెప్పిన ఫిర్యాదులో పెన్ను యూఎస్‌బీ-సీదే అయితే వెతకాల్సిన లోపమేదీ లేదు. క్లాసు నోట్సుకు, పీడీఎఫ్ మీద గుర్తులకు అది నిక్షేపంలా సరిపోతుంది. ఒకచోట లావుగా, మరోచోట సన్నగా సాగే బాపు తరహా అక్షరాలు రాయాలంటే మాత్రం అది సరైన పెన్ను కాదు. షాపులో అడగాల్సిన మొదటి ప్రశ్న బ్లూటూత్ ఉందా అని కాదు, ప్రెషర్ సెన్సిటివిటీ ఉందా అని.

ఈ రెంటినీ కలిపే పద్ధతులూ వేరు. యూఎస్‌బీ-సీ పెన్సిల్ వెనక భాగాన్ని జరిపితే లోపల పోర్టు కనిపిస్తుంది. దాన్ని కేబుల్‌తో ఐప్యాడ్‌కు పెడితే సరి. మొదటి తరం పెన్సిల్ టోపీ కింద పాత ఐఫోన్ల తరహా లైట్నింగ్ పిన్ ఉంటుంది. పదో తరం ఐప్యాడ్‌లో ఆ పోర్టు లేదు గనక మధ్యలో ఆపిల్ అడాప్టర్, కేబుల్ ఉండాలి. పెట్టగానే స్క్రీన్ మీద Pair అని వస్తుంది, దాన్ని తాకాలి. రెండో తరం పెన్సిల్‌ను దానికి తగిన ఐప్యాడ్ అంచున అయస్కాంతానికి అంటిస్తే చాలు. కానీ ఆ పెన్సిల్ పదో తరం ఐప్యాడ్‌తో అసలు కలవదు. బంధువులు వాడి ఇచ్చిన పెన్సిల్ పనిచేయకపోతే ముందు చూడాల్సింది ఈ పొత్తునే.

పెయిరింగ్ కుదరకపోతే ముందు పెన్సిల్‌ను కాసేపు చార్జింగ్‌లో పెట్టండి. నెలల తరబడి పక్కన పడేసిన పెన్సిల్‌లో చార్జ్ పూర్తిగా దిగిపోయి ఉంటుంది. తర్వాత Settings, Bluetooth లోకి వెళ్లి, పెన్సిల్ పేరు పక్కనున్న గుర్తును తాకి, Forget This Device నొక్కి, మొదటి నుంచి కలపండి. ఐప్యాడ్‌ను రీస్టార్ట్ చేసినా, ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టినా, ఆ పెన్సిల్‌ను మరో ఐప్యాడ్‌తో కలిపినా ఈ పని మళ్లీ చేయాల్సి రావచ్చు. అంతకుముందు నొక్కుడు బాగానే పనిచేసి, ఇప్పుడు గీత తెగుతూ వస్తుంటే మొనను ఒకసారి తిప్పి చూడండి. అది వదులైతే కూడా ఇలాగే అవుతుంది.

ఇక ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే ఐప్యాడ్ పెన్నులు. వీటిలో చాలావాటికి రాయడానికి బ్లూటూత్ అక్కర్లేదు. పెన్ను ఆన్ చేస్తే చాలు, గీత పడుతుంది. కొన్నింటికి బ్లూటూత్ ఉన్నా అది చార్జ్ ఎంత ఉందో చూపడానికో, బటన్ నొక్కితే హోమ్ స్క్రీన్‌కు వెళ్లడానికో మాత్రమే. డబ్బా మీద బ్లూటూత్ అన్న మాట చూసి నొక్కుడు కూడా పనిచేస్తుందనుకుని కొంటున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే ఆ మాటకూ గీత మందానికీ ఏ సంబంధమూ లేదు.

సామ్‌సంగ్ దారి దీనికి పూర్తిగా వేరు. ఎస్ పెన్ పనిచేసే గెలాక్సీ ట్యాబ్‌లలో, అల్ట్రా ఫోన్లలో అద్దం కింద సన్నటి తీగల అల్లిక ఉంటుంది. అందులోంచి వెలువడే అయస్కాంత క్షేత్రం నుంచే ఎస్ పెన్ తనకు కావలసిన కరెంటు తీసుకుని, తానెక్కడుందో, ఎంత నొక్కుతున్నారో అదే దారిలో తిరిగి చెబుతుంది. అందుకే రాయడానికి దానికి బ్యాటరీ వద్దు, పెయిరింగూ వద్దు. ట్యాబ్ ఎస్6 లైట్‌తో వచ్చే పెన్నులో బ్లూటూత్ అసలు లేదు, అయినా నొక్కుడు చక్కగా పనిచేస్తుంది. బ్లూటూత్ జాబితాలో తమ ఎస్ పెన్ కనిపించడం లేదని కంగారుపడేవాళ్లు ఈ సంగతి గమనించాలి.

ఎస్ పెన్‌లో బ్లూటూత్ 2018లో నోట్ 9తో వచ్చింది. దాని పని దూరం నుంచి బటన్‌తో ఫోన్‌ను నడిపించడం. ఫోన్‌ను స్టాండ్ మీద పెట్టి, దూరంగా నిలబడి బటన్ నొక్కితే కెమెరా ఫొటో తీస్తుంది. పవర్‌పాయింట్‌లో స్లైడ్ ముందుకు జరుగుతుంది. ఈ సౌకర్యం Air actions అన్న పేరుతో సెట్టింగ్స్‌లో ఉంటుంది. పెన్నును ఫోన్ గూటిలో పెడితే, లేదా ట్యాబ్‌కు చార్జింగ్ కోసం ఇచ్చిన చోట అంటిస్తే అదే కనెక్ట్ అవుతుంది. అయితే 2025లో వచ్చిన ఎస్25 అల్ట్రా పెన్ను నుంచి బ్లూటూత్ తీసేశారు. రాత, నొక్కుడు యథాతథంగా ఉన్నాయి, దూరం నుంచి ఫొటో తీసే వీలే పోయింది.

బటన్ల విషయంలో యాప్ పాత్ర పెద్దది. రెండో తరం ఆపిల్ పెన్సిల్‌ను వేలితో రెండుసార్లు తడితే పెన్ను రబ్బరుగా మారుతుంది. ఇది ఐప్యాడ్ సెట్టింగ్స్‌లో మార్చుకోగల అమరికే, కానీ యాప్ దాన్ని అందుకునేలా తయారై ఉండాలి. లేకపోతే తట్టినా ఏమీ జరగదు. ఎస్ పెన్ బటన్‌ను దూరం నుంచి నొక్కినా ఇంతే, ఆ యాప్‌కు అది అర్థమైతేనే పని జరుగుతుంది.

నొక్కుడుకూ యాప్ తోడు కావాలి. పెన్ను పంపిన సమాచారాన్ని టాబ్లెట్ యాప్‌కు అందిస్తుంది, దాన్ని మందంగా మార్చాలా, ముదురు రంగుగా మార్చాలా అన్నది యాప్‌లోని బ్రష్ తేలుస్తుంది. నోట్స్ యాప్‌లోనే ఫౌంటెన్ పెన్ను నొక్కుడుకు స్పందిస్తుంది, హైలైటర్ స్పందించదు. కాబట్టి పెన్ను పాడైందని తేల్చే ముందు ఒక పరీక్ష చేయండి. ప్రోక్రియేట్ లాంటి బొమ్మల యాప్‌లో ఇంక్ బ్రష్ ఎంచుకుని, మెల్లగా మొదలుపెట్టి చివరికి గట్టిగా నొక్కుతూ ఒకే గీత గీయండి. గీత లావెక్కితే పెన్ను బాగానే ఉన్నట్టు, లోపం మీ మొదటి యాప్‌లోనో అక్కడి బ్రష్‌లోనో ఉన్నట్టు. వేరువేరు బ్రష్‌లతో గీసినా సన్నగానే ఉండిపోతే పెన్ను మోడల్ పేరుతో వెతికి, దానికి ప్రెషర్ ఉందో లేదో చూసుకోండి.