మీకు తెలుసా? ఒకే విద్యుత్తుకు తీగలో నష్టం వేరు
గని, శకునాల ప్రాంతంలోని 1000 మెగావాట్ల కర్నూలు సోలార్ పార్కులో కరెంటు పొద్దున పెరిగి, మిట్టమధ్యాహ్నం గరిష్ఠమై, సాయంత్రానికి తగ్గిపోతుంది. దాన్ని 12 గంటల సైన్ రేఖగా, గరిష్ఠం 1గా అనుకుంటే, కరెంటు సమాకలనం 7.64, దాని వర్గపు సమాకలనం 6. గణితవేత్త బున్యకోవ్‌స్కీ 1859లో ప్రచురించిన అసమానత ∫fg ≤ √(∫f²)·√(∫g²). ఇందులో f కరెంటు, g ఎప్పుడూ 1 అయితే, 7.64 ≤ √6·√12, అంటే 8.49. తీగలో వేడిగా పోయే నష్టం కరెంటు వర్గాన్ని బట్టి ఉంటుంది. అదే మొత్తాన్ని అదే 12 గంటల్లో నిలకడగా పంపితే వర్గపు సమాకలనం 4.86 చాలు, ఎండ తీరు వల్ల నష్టం సుమారు 23 శాతం ఎక్కువ.

మబ్బు పడితే సైన్ రేఖ ఎక్కడిది అనవచ్చు. ఆ 23 మారుతుంది గానీ అసమానత మారదు: వోల్టేజీ, తీగ నిరోధం స్థిరంగా ఉన్నంతవరకు, అంతే సమయంలో అదే మొత్తాన్ని పంపడానికి నిలకడ కరెంటుకే నష్టం అతి తక్కువ.