ధైవతం మారితే దరువు మారుతుంది

చిత్తూరులో ఒక పెళ్ళి ఆర్కెస్ట్రా రిహార్సల్ జరుగుతోందనుకుందాం. పాట ఏ మైనర్. వేగం నిమిషానికి నూరు దెబ్బలు. బేస్ గిటార్, డ్రమ్స్ పట్టు తప్పకుండా నడుస్తున్నాయి. అయినా డ్రమ్స్ వాయించే కుర్రాడికి తృప్తి లేదు. "దరువు బాగుండాది గానీ, పాట ఏడస్తా ఉండాదన్నా" అంటాడు. కీబోర్డు అన్న వేగం పెంచుతాడు. ఇప్పుడు పాట పరుగెత్తుతూ ఏడుస్తుంది. తప్పు వేగంలో లేదు, ధైవతంలో ఉంది.

ఏ మైనర్ స్కేలు కీబోర్డులో మొత్తం తెల్ల మెట్ల మీదే నడుస్తుంది. 'ఏ'ను షడ్జం అనుకుంటే అది మన 20వ మేళకర్త నఠభైరవి స్వరాలే. అందులో ధైవతం 'ఎఫ్', అంటే శుద్ధ ధైవతం. అది పంచమానికి ఒక్క అర స్వరం పైన ఉంటుంది. అంత దగ్గరగా ఉన్న స్వరం నిలబడలేదు, పంచమం మీదికి జారిపోతుంది. మైనర్ పాటల్లో మనం విషాదం అనుకునేదాంట్లో పెద్ద వాటా ఈ జారుడుదే.

ఆ ఒక్క మెట్టు వదిలి పక్కనున్న నల్ల మెట్టు, 'ఎఫ్ షార్ప్' పట్టుకోండి. ధైవతం చతుశ్రుతి అయింది. పంచమానికి ఇప్పుడు నిండు స్వరమంత దూరంలో ఉంది కాబట్టి జారదు, నిలబడుతుంది. గాంధారం మాత్రం అదే సాధారణ గాంధారం. మైనర్ ముఖం చెరగలేదు, కానీ దుఃఖం తగ్గింది. పాశ్చాత్యులు ఈ స్వరవరసను డోరియన్ మోడ్ అంటారు. మనకు ఇది 22వ మేళకర్త ఖరహరప్రియ. ఈ రాగానికి ఇప్పుడున్న నిండుతనం చాలావరకు త్యాగయ్య కృతులిచ్చింది. 'చక్కని రాజమార్గము' అందులోదే. ఆ త్యాగయ్యను 1946లో వెండితెర మీద చూపించింది చిత్తూరు నాగయ్య. గుంటూరు సీమలో పుట్టినా ఈ ఊరి నాటకరంగం వల్ల ఊరిపేరునే ఇంటిపేరు చేసుకున్నాడు. ఈ స్వరాలు చిత్తూరు వాళ్ళ చెవులకు కొత్తవేమీ కావు. కొత్తదల్లా వాటి కింద కార్డులు వేసి, దరువు మీద ఊపడం.

ఆ పని కార్డుల్లో ఎలా జరుగుతుందో చూద్దాం. పాట రెండు బార్లు తిరుగుతోంది. ఒక బారు ఏ మైనర్, తర్వాతి బారు డి మైనర్. రెండూ మైనరే కావడంతో చీకటి మీద చీకటి. డి కార్డు మధ్యమం మీద కట్టింది, దాని నడుమ కూర్చున్న స్వరం ధైవతం. శుద్ధ ధైవతం ఉంటే ఆ కార్డు మైనర్ అవుతుంది, చతుశ్రుతి ధైవతం వేస్తే మేజర్. ఇంతకుమించి రహస్యం లేదు. సాంటానా బృందం 1970లో వాయించిన టిటో పుయెంటె పాట 'ఓయె కోమో వా' ఈ ఏ మైనర్, డి మేజర్ కుటుంబం కార్డుల మీదే మొదటినుంచి చివరిదాకా ఊగుతుంది. హెర్బీ హాంకాక్ 1973లో చేసిన 'కెమీలియన్'దీ ఇదే నడక, శ్రుతి వేరు.

చేతులు ఎక్కడ పెట్టాలో కూడా చెప్పుకోవాలి. షడ్జం, మధ్యమం బేస్ గిటార్‌కు వదిలేయండి. కుడిచేతిలో మూడు స్వరాలు చాలు. మొదటి బారులో కింది నుంచి పైకి జి, సి, ఈ, అంటే నిషాదం, గాంధారం, పంచమం. రెండో బారులో జి మీదున్న వేలు ఒక్కటే అర స్వరం దిగి ఎఫ్ షార్ప్ మీదికి వస్తుంది. మిగతా రెండు వేళ్ళు కదలవు. కింద బేస్ 'డి' వాయిస్తే అది డి నైన్ అవుతుంది. దీన్ని పొడుగ్గా పట్టి ఉంచితే భజన పాటలా వినిపిస్తుంది. బారును పదహారు ముక్కలు చేసుకుని, దెబ్బ మీద కాకుండా దెబ్బ దాటిన వెంటనే పొట్టిగా తట్టి వదిలేయాలి. ఆ ఎఫ్ షార్ప్ ఖాళీలో పడి మెరవాలి. ఫంక్ అనేది సగం స్వరంలో ఉంటే, సగం వేలు ఎత్తడంలో ఉంది.

ఇక్కడే ఒక గుంట ఉంది, చాలామంది పడేది అందులోనే. డి సెవెన్ వేశాక చెవి జి మేజర్‌ను కోరుకుంటుంది. ఎఫ్ షార్ప్, సి మధ్య ఉన్న బిగువు అక్కడే విడిపోతుంది కనుక ఆ కోరిక న్యాయమే. కీబోర్డు అన్న సరదాకు ఒక్కసారి జి మేజర్ వేశాడా, పాటకు ఇల్లు మారిపోతుంది. మన భాషలో చెప్పాలంటే అడక్కుండానే గ్రహభేదం జరిగింది. ఖరహరప్రియ నిషాదాన్ని షడ్జం చేస్తే వచ్చేది శంకరాభరణమే కదా. దరువుకు మైనర్ రంగు పోయి పాట తియ్యగా, చప్పగా మారుతుంది. పరీక్ష సులువు. వాయిస్తూ వాయిస్తూ డి బారు చివర టక్కున ఆపి, కళ్ళు మూసుకుని 'స' పాడండి. నోటికి 'ఏ' వస్తే క్షేమం, 'జి' వస్తే పట్టు జారింది. మందు బేస్ చేతిలో ఉంది. రెండు బార్లకోసారి మొదటి దెబ్బ తప్పనిసరిగా 'ఏ' మీద పడాలి. డి మీద ఒక బారుకు మించి కూర్చోకూడదు. పాట మలుపు కోసం ఈ సెవెన్ వేసినా చిక్కే. అందులోని జి షార్ప్ కాకలి నిషాదం, అది వినగానే మైనర్ పాటల పాత ఏడుపు తిరిగొస్తుంది.

గాయకుడి సంగతి వేరు. కింద కార్డులో ఎఫ్ షార్ప్ మోగుతుంటే, అలవాటు కొద్దీ పైన ఎఫ్ పాడేస్తాడు. అర స్వరం తేడా ఇసుకలా గరగరలాడుతుంది. కాబట్టి మార్పు కీబోర్డులో మొదలుపెట్టకుండా పల్లవిలో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. పల్లవి వరసలో ఒక్కచోటైనా చతుశ్రుతి ధైవతం మీద ఆగేలా కట్టాలి. స్కేలంతా పైకీ కిందికీ పరుగెత్తి ధైవతాన్ని దాటుకుంటూ పోతే విన్నవాడికి డోరియన్ అందదు. మైల్స్ డేవిస్ 1959 నాటి 'సో వాట్' వింటే తెలుస్తుంది, అక్కడ తొందర లేదు, పదహారు బార్లు ఒకే మోడ్‌లో తీరిగ్గా కూర్చుంటారు.

అసలు తిరకాసు నాదస్వరంతో. మన పెళ్ళిళ్ళలో కీబోర్డూ నాదస్వరమూ కలిపి ఫ్యూజన్ అడిగేవాళ్ళు ఉన్నారు, తిరుపతిలో తితిదే సంగీత కళాశాల, నాదస్వరం డోలు పాఠశాల ఉన్నాయి కనుక వాయించగలవాళ్ళకూ కొదవ లేదు. స్వరాలు ఒకటే కదా అని ఖరహరప్రియ ఎత్తుకుంటారు. ఖరహరప్రియలో గాంధారం కదలకుండా నిలబడే స్వరం కాదు, కంపితంతో ఊగాలి, నిషాదమూ అంతే. కీబోర్డు 'సి' మాత్రం రాయిలా కదలదు. ఊగే గాంధారం కింద కదలని గాంధారం పెడితే నాదస్వరమే అపశ్రుతిగా వినిపిస్తుంది, నింద పాపం విద్వాంసుడి మీద పడుతుంది. నాదస్వరం వాయించేటప్పుడు కీబోర్డు గాంధారాన్ని వదిలేయాలి. మొదటి బారులో షడ్జం, పంచమం చాలు. రెండో బారులో మధ్యమం, ధైవతం, షడ్జం. గాంధారం విద్వాంసుడిది, ధైవతం ఇద్దరిదీ. నాదస్వరం ఆగి కీబోర్డు వంతు వచ్చినప్పుడు 'సి' మళ్ళీ కలుపుకోవచ్చు.