శుక్రుడి మీద కుజుడి చూపు

ఆమె జాతకంలో శుక్రుడు వృషభం 12 డిగ్రీల్లో, అతని జాతకంలో కుజుడు కుంభం 14 డిగ్రీల్లో ఉన్నారనుకోండి. మధ్య దూరం 88 డిగ్రీలు. 90కి రెండే తక్కువ కాబట్టి పాశ్చాత్య జ్యోతిష్కులు దీన్ని గట్టి దృష్టిగానే లెక్కిస్తారు. మన పద్ధతిలోనూ కుజుడికి నాలుగో రాశి మీద ప్రత్యేక దృష్టి ఉంది.

శుక్రుడు మనసు కోరేది, కుజుడు దాని వెంటపడే తీరు అంటారు. ఈ కోణంలో ఆకర్షణ బలంగా ఉంటుందట, కానీ రాపిడితో. అతను వెంటనే జవాబు కావాలంటాడు, ఆమె నిదానంగా దగ్గరవాలనుకుంటుంది. అదే 120 డిగ్రీలైతే చనువు సులువుగా కుదురుతుందని చెబుతారు.

ఇవి నమ్మకాలే, శాస్త్రం రుజువు చేసినవి కావు. పైగా కుజుడు రోజుకు సుమారు అర డిగ్రీయే కదులుతాడు. అతనితోపాటు ఆ వారంలో పుట్టిన వాళ్లందరికీ ఆమెతో దాదాపు ఇదే కోణం ఉంటుంది.