డెవలప్‌మెంటుకు ఇచ్చిన స్థలం: ఎవరి ఫ్లాట్ ఏది, ఎప్పటికి?

హైదరాబాద్‌లో స్థలం ఉండి కట్టుకునే స్తోమత లేనివారు దాన్ని బిల్డర్‌కు డెవలప్‌మెంటుకు ఇస్తుంటారు. అనుమతులు తేవడం, కట్టడం, ఖర్చు అన్నీ బిల్డర్‌వే. ప్రతిఫలంగా అతనికి కొన్ని ఫ్లాట్లు, వాటితోపాటు భూమిలో అవిభాజ్య వాటా దక్కుతాయి. డెవలప్‌మెంట్ అగ్రిమెంట్‌ను, జీపీఏను కలిపి ఒకే పత్రంగా రిజిస్టర్ చేయించడం ఇక్కడి రివాజు.

ఉదాహరణకు 600 గజాల స్థలం, చెరి సగం ఒప్పందం అనుకుందాం. స్టిల్ట్ మీద ఐదు అంతస్తులు, అంతస్తుకు 1,600 చదరపు అడుగుల ఫ్లాట్లు రెండు. యజమానికి ఐదు ఫ్లాట్లు, 300 గజాల వాటా వస్తాయి. లెక్క సరిగ్గానే ఉంది, కానీ ఏ ఐదు? తూర్పు ముఖం ఫ్లాట్లన్నీ బిల్డర్ ముందే అమ్మేసుకుంటే యజమానికి మిగిలినవే గతి. అందుకే ప్లాన్ మంజూరు కాగానే ఫ్లాట్ నంబర్లు, పార్కింగ్, టెర్రస్ హక్కులు పేరుపేరునా రాసి సప్లిమెంటరీ అగ్రిమెంట్ చేసుకోవాలి. అమ్మకాలు ఆ తర్వాతే. జీపీఏ కూడా బిల్డర్ వాటా ఫ్లాట్లకే పరిమితం కావాలి.

అనుమతి దశలో చాలామంది గమనించనిది తనఖా. ప్లాన్ ప్రకారమే కడతారన్న హామీగా నిర్మాణ విస్తీర్ణంలో 10 శాతాన్ని మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి, ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. అంటే ఇక్కడ ఒక ఫ్లాట్. అది బిల్డర్ వాటాలోంచే పెట్టాలని రాసుకోకపోతే యజమాని ఫ్లాటే చిక్కుకోవచ్చు. స్థలం 500 చదరపు మీటర్లు దాటినా, ఫ్లాట్లు ఎనిమిది దాటినా రెరా రిజిస్ట్రేషన్ లేకుండా అమ్మకూడదు; ఈ ఉదాహరణలో రెండూ దాటాయి.

అసలు గొడవలు గడువు దగ్గరే మొదలవుతాయి. ‘అనుమతి వచ్చిన నాటి నుంచి 24 నెలలు, ఆపై ఆరు నెలల గ్రేస్’ అని రాస్తారు. అనుమతి ఎప్పటిలోగా తేవాలో రాయరు. దరఖాస్తే పెట్టకుండా బిల్డర్ ఏడాది గడిపినా గడువు లెక్క మొదలే కాదు. అనుమతికి కూడా ఒక తేదీ పెట్టడమే దీనికి మందు. ‘పూర్తి’ అంటే గోడలు, రంగులు కాదు. ఓసీ, లిఫ్ట్, కరెంటు, నీటి కనెక్షన్లు ఉండి తాళాలు చేతికివ్వడం అని స్పష్టంగా రాయాలి.

గ్రేస్ కూడా దాటితే నెలకు చదరపు అడుగుకు 10 రూపాయల పరిహారం అని ఉంటే, 8,000 అడుగుల వాటాకు నెలకు 80,000 రూపాయలు. ఇది ఆ ప్రాంతపు అద్దెకు తగ్గకూడదు. తగ్గితే ఆలస్యమే బిల్డర్‌కు లాభసాటి. పని మధ్యలో ఆగితే ఒప్పందం రద్దు అంత తేలిక కాదు. కొన్నవారి హక్కులు అప్పటికే అందులో చేరి ఉంటాయి కాబట్టి జీపీఏను ఒక నోటీసుతో వెనక్కి తీసుకోవడం కుదరదు, ఆర్బిట్రేషన్ లేదా సివిల్ కోర్టు దాకా వెళ్లాల్సి వస్తుంది. ఇలాంటి ఒప్పందంలో నిర్మాణ సేవ పొందే స్థల యజమాని కూడా వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరాన్ని ఆశ్రయించవచ్చని 2008లో ఫకీర్ చంద్ గులాటీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.