సీసా మీద తేదీ చూపిస్తే సరిపోదు

“ల్యాబ్‌లో కెమికల్స్ గడువు దాటాయి, గాజు సామాను పగిలింది, దయచేసి నిధులు మంజూరు చేయగలరు.” కెమిస్ట్రీ టీచర్లు ప్రిన్సిపాల్‌కు రాసే ఉత్తరాలు చాలావరకు ఈ ఒక్క వాక్యంతోనే సరిపెడతాయి. జవాబు కూడా అలాగే వస్తుంది: “ఈ ఏడాదికి సర్దుకోండి.” ప్రిన్సిపాల్‌ని తప్పుపట్టలేం. ఆయన లెక్కలో, తెలుగో చెప్పి పైకొచ్చినవారైతే, సీసా నిండుగా కనిపిస్తుంటే లోపలిది పాడైందని ఎలా నమ్ముతారు?

నిజానికి గడువు తేదీ అంత గట్టి సాక్ష్యమేమీ కాదు. మూత బిగించి పెట్టిన ఉప్పు, మైలుతుత్తం స్ఫటికాలు తేదీ దాటినా బడి ప్రయోగాలకు పనికొస్తాయి. మరోవైపు అన్నభేది, అంటే ఫెర్రస్ సల్ఫేట్, ద్రావణంగా కలిపి ఉంచితే గాలి తగిలి కొద్ది రోజులకే పాడవుతుంది. కాబట్టి ఉత్తరం రాసే ముందు టీచరు ప్రతి సీసానూ పరీక్షించి చూడాలి.

అన్నభేదినే తీసుకుందాం. సీబీఎస్ఈ పన్నెండో తరగతి ప్రాక్టికల్స్‌లో 30 మార్కులకు 8 మార్కులు లవణ విశ్లేషణవి. పిల్లవాడికి నైట్రేట్ లవణం వచ్చిందనుకోండి. దాని ద్రావణంలో అన్నభేది ద్రావణం కలిపి, పరీక్షనాళిక గోడ వెంట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం మెల్లగా జారవిడిస్తే, రెండు ద్రవాలు కలిసే చోట గోధుమరంగు వలయం రావాలి. అన్నభేది పాడైతే ఆ వలయం రాదు. తను తీసుకున్న లవణం నైట్రేట్ కాదని పిల్లవాడు రాసేస్తాడు.

తప్పు సీసాదని తేల్చడం కష్టమేం కాదు. కచ్చితంగా నైట్రేటేనని తెలిసిన పొటాషియం నైట్రేట్‌తో టీచరే ఆ పరీక్ష చేసి చూడాలి. దానికీ వలయం రాకపోతే అనుమానం అన్నభేది మీదికి మళ్లుతుంది. లేత ఆకుపచ్చగా ఉండాల్సిన ద్రావణం పసుపు తిరిగి ఉంటుంది. అందులో పొటాషియం థయోసయనేట్ చుక్క వేస్తే నెత్తురు ఎరుపు వస్తుంది. ఫెర్రస్ కాస్తా ఫెర్రిక్‌గా మారిందన్నమాట. ఇక్కడో మెలిక ఉంది. డబ్బాలోని స్ఫటికాలు ఇంకా పచ్చగానే ఉంటే డబ్బు అడగక్కర్లేదు. పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లం రెండు చుక్కలు వేసి, పరీక్ష రోజున అప్పటికప్పుడు కలుపుకుంటే చాలు. స్ఫటికాలే గోధుమరంగు పొడిగా మారితే అప్పుడు కొత్త డబ్బా అడగాలి.

గాజు సామాను విషయంలో బ్యూరెట్‌ని మించిన రుజువు దొరకదు. పొటాషియం పర్మాంగనేట్ నింపిన బ్యూరెట్‌కి కుళాయి పక్క నుంచి నిమిషానికి మూడు చుక్కలు కారుతున్నాయనుకుందాం. సుమారు ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. నాలుగు నిమిషాల టైట్రేషన్‌లో పన్నెండు చుక్కలు, అంటే 0.6 మి.లీ., ఫ్లాస్కులో పడకుండా పిల్లల వేళ్ల మీదికే పోతుంది. 10 మి.లీ. రావాల్సిన చోట 10.6 వస్తుంది. పక్కపక్క రీడింగుల మధ్య 0.1 మి.లీ. తేడానే ఎక్కువనుకునే ప్రయోగంలో ఇది పెద్ద తప్పు. పర్మాంగనేట్ గాఢత ఆరు శాతం దాకా తక్కువగా లెక్క తేలుతుంది. పైగా ఎంత కారిందో ప్రతిసారీ మారుతుంది కనుక రెండు రీడింగులు కలవనే కలవవు.

దీనికీ ముందు చౌక వైద్యం ఉంది. గాజు కుళాయికి పల్చగా వాజ్‌లైన్ రాసి, నీళ్లు నింపి, పది నిమిషాలు ఆగి మట్టం చూడాలి. అప్పటికీ దిగుతుంటే దాన్ని మార్చాల్సిందే. టెఫ్లాన్ కుళాయి ఉన్నది అడిగితే గ్రీజు బెడద ఉండదు. మొన విరిగిన పిపెట్‌కి మాత్రం వైద్యం లేదు. అది వదిలే పరిమాణమే మారిపోతుంది. అడుగున నెర్రె పడిన బీకరు వేడికి పగులుతుంది కనుక వెంటనే పక్కన పెట్టాలి.

ఇవన్నీ చూశాక ఉత్తరం ఇలా సాగుతుంది: “నీళ్లు నింపి పరీక్షించిన బ్యూరెట్లలో ఆరు పది నిమిషాల్లో అర మిల్లీలీటరుకు పైగా కారాయి. వాజ్‌లైన్ రాసినా ఆగలేదు. ఫెర్రస్ సల్ఫేట్ తెలిసిన నైట్రేట్‌తోనూ వలయం ఇవ్వలేదు. వీటి వివరాలు స్టాక్ రిజిస్టరు పేజీ నంబర్లతో జతపరిచాను. తేదీ దాటినా పనిచేస్తున్న సీసాలను ఈ జాబితాలో చేర్చలేదు.”

ఆ చివరి వాక్యం ప్రిన్సిపాల్‌ని ఒప్పిస్తుందని నా నమ్మకం. అడగనివి ఏమిటో చెప్పినప్పుడే అడిగినవాటికి విలువ వస్తుంది. పరిమాణంలోనూ అదే పట్టింపు ఉండాలి. ఖరీదైన సిల్వర్ నైట్రేట్ ఐదు గ్రాములతో రెండు శాతం ద్రావణం 250 మి.లీ. వస్తుంది. ఒక్కో పరీక్షకు ఒక మిల్లీలీటరు వాడినా 250 పరీక్షలకు సరిపోతుంది. వంద గ్రాములు కొని వెలుతురులో నల్లబడనివ్వడం దండగ. లవణ విశ్లేషణకు ఎల్‌ఆర్ గ్రేడు చాలు. టైట్రేషన్‌లో ప్రమాణంగా తూచే ఆక్సాలిక్ ఆమ్లానికే ఏఆర్ గ్రేడు కావాలి.

పాడైన వాటిని ఎలా వదిలించుకోవాలో కూడా అదే ఉత్తరంలో రాయాలి. సీసం, క్రోమియం, పాదరసం ఉన్నవాటిని సింకులో పారబోయకూడదు. విడిగా లేబుల్ వేసి దాచి, ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే అధీకృత సంస్థకు అప్పగించాలి. దానికయ్యే ఖర్చు కూడా ఇండెంటులోనే చూపాలి.

టీచర్లకు ఒక మాట: ఈ ఉత్తరం డిసెంబరులో రాస్తే కొటేషన్లు తెప్పించేలోపే ప్రాక్టికల్స్ వచ్చేస్తాయి. బడి తెరిచిన జూన్‌లోనే రాయండి.